ఊరికి అర్థమయ్యే తెలుగు

నా తెలుగు అంటే నాకు కాస్త పొగరు. బెంగళూరులో పుట్టి, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనిషికి తెలుగు మీద పొగరేమిటని అడగొచ్చు. అంతా మా నాయనమ్మ పుణ్యం. ఇంట్లో ఆమె మాట్లాడిన మాటలే ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నాయి. పల్లెల్లో ఆరోగ్యం పనులు చేసే ఒక చిన్న ధర్మసంస్థ ఆఫీసు బెంగళూరులోని మహదేవపురలో ఉంది. అక్కడ ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేసిపెట్టడం నా ఉద్యోగం.

చింతామణి దాటి, ఆంధ్ర సరిహద్దు అవతల ఉన్న ఊళ్ళలో టీబీ రోగుల కోసం మా సంస్థ ఒక పథకం రాసింది. రోగుల కఫం నమూనాలను పరీక్షకు చేర్చడం, మందులు మానేయకుండా ఇళ్ళకు వెళ్ళి చూడటం, నెలనెలా పోషకాహారం ఇవ్వడం, ఇదీ పని. నిధులిచ్చే విదేశీ సంస్థ ఒక షరతు పెట్టింది. ప్రతిపాదన తమకు పంపేముందు గ్రామ ఆరోగ్య కమిటీ దాన్ని వాళ్ళ భాషలో వినాలి, మార్పులుంటే చెప్పాలి, సంతకాలు పెట్టిన తీర్మానాన్ని జతచేయాలి.

ఇలాంటి కాగితాలు తెలుగులో ఎలా ఉంటాయో నాకు తెలుసు. 'లక్షిత సముదాయముల భాగస్వామ్యము నిమిత్తము' అని మొదలవుతాయి. చదివేవాడికి నిద్ర, వినేవాళ్ళకు ఆవలింతలు. చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈసారి శీర్షికలన్నీ ప్రశ్నలుగా మార్చాను. నిధుల తర్వాత సుస్థిరత అని ఇంగ్లీషులో ఉన్నచోట 'డబ్బులు ఆగిపోయాక ఈ పని ఎవరు చూసుకుంటారు?' అని రాశాను. మా డాక్టరమ్మకు, అంటే సంస్థ నడిపే ఆవిడకు, అది చాలా నచ్చింది. మెచ్చుకుంటే నేను ఇక ఆగను.

ప్రతిపాదన మధ్యలో ఒక పేషెంటు కథ ఉంది. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. ముప్పై దాటిన ఒక తల్లి, ఇరుగుపొరుగుకు తెలుస్తుందన్న భయంతో మధ్యలో మందులు మానేసింది, మళ్ళీ జబ్బు పడింది, మా కార్యకర్త నచ్చజెబితే తిరిగి మొదలుపెట్టింది. పేరు లేదు, ఊరు లేదు. ఆ నాలుగు వాక్యాలు నాకు చప్పగా అనిపించాయి. ఊళ్ళో పనిచేసే మా కార్యకర్తకు ఫోన్ చేసి, అసలేం జరిగిందో చెప్పమన్నాను.

"అక్కా, పాపం ఆయమ్మ దూరంగా ఉండేవాళ్ళకి, పేరు లేకుండా అయితేనే చెప్పండి అనింది," అంటూనే నాకు చెప్పింది. నేను సంస్థ మనిషినే కదా, నాకు చెబితే ఏమవుతుందనుకుంది. ఆమె కనకాంబరాలు, చామంతులు కట్టి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుందట. మాత్రల అట్టలు పూలబుట్టలో తడిగుడ్డ కింద దాచుకుంటుందట. అత్త ఒకసారి చూస్తే గ్యాస్ మాత్రలని చెప్పిందట. ఆ మందుకి మూత్రం ఎర్రగా వస్తుంది కాబట్టి, ఎవరైనా చూస్తారేమోనని తెల్లారకముందే బయటికి వెళ్ళొచ్చేదట.

నా ప్రాణం లేచొచ్చింది. ఇదీ కథంటే! పూలబుట్ట, తడిగుడ్డ, గ్యాస్ మాత్రలు, మూడూ రాశాను. మూత్రం సంగతి మాత్రం వదిలేశాను, మర్యాద కాదని. ఆ ఒక్క విషయంలో మర్యాద గుర్తొచ్చింది నాకు!

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నేను తెలుగు చేశాక, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి, అర్థం ఎక్కడైనా జారిందేమో డాక్టరమ్మ చూస్తుంది. ఆమె పూలబుట్ట దగ్గర ఆగింది.

"ఈ బుట్ట ఎక్కడిదమ్మా? మన దాంట్లో లేదే."

"ఊరివాళ్ళకు దగ్గరగా ఉండాలని పెట్టాను డాక్టర్. ఉన్నదున్నట్టు దింపేస్తే ఎవరు వింటారు?"

ఆమె నవ్వి, సరేనంది. మహదేవపురలో కూర్చున్న మా ఇద్దరికీ ఆ బుట్ట ఒక అందమైన వివరం, అంతే. ఊరి కార్యకర్త కూడా ఒకసారి చదివి చెప్పాలన్నది మా పద్ధతిలో ఆఖరి మెట్టు. పంపడానికి గడువు దగ్గరపడిందని నేనే వద్దన్నాను. ఎలాగూ మీటింగులో వింటుంది కదా అన్నాను.

మీటింగు అంగన్‌వాడీ గదిలో జరిగింది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, పొదుపు సంఘాల ఆడవాళ్ళు, కమిటీకి పెద్దగా సర్పంచి, అందరూ చాపల మీద కూర్చున్నారు. చదవడం అందరికీ రాదు కాబట్టి ప్రతిపాదన పైకి చదివి వినిపించాలి. నేనే చదువుతానన్నాను. నా తెలుగు నేను కాక ఇంకెవరు చదువుతారు!

బాగా సాగింది. 'డబ్బులు ఆగిపోయాక' అన్నచోట సర్పంచి పెద్దగా నవ్వాడు. "ఇదీ అడగాల్సిన మాట, బాగా రాసినావమ్మా," అన్నాడు. నేను ఉబ్బిపోయాను. కథ మొదలుపెట్టాను. పూలబుట్ట అనగానే పక్కన కూర్చున్న మా కార్యకర్త నా కొంగు లాగింది. తొందరగా చదువుతున్నానేమో, నిదానించమంటోందనుకున్నాను. నిదానించాను. ఒక్కొక్క మాటా విడదీసి, గొంతులో కాస్త జాలి కూడా కలిపి, తడిగుడ్డ కింద మాత్రలు, అత్తతో చెప్పిన గ్యాస్ అబద్ధం, అన్నీ శుభ్రంగా వినిపించాను. కొంగు ఇంకోసారి లాగింది. తలెత్తి చూశాను.

ఎవరూ నన్ను చూడటం లేదు. అందరి తలలూ తలుపు దగ్గర కూర్చున్న ఒక పెద్దామె వైపు తిరిగి ఉన్నాయి. ఆ ఊళ్ళో పూలబుట్టతో తిరిగేది ఒకే ఒక్క మనిషి. పొదుపు సంఘం తరఫున కమిటీలో ఉన్న ఆ పెద్దామె, ఆ మనిషి అత్త.

"గ్యాస్ మాత్రలనె నాతో," అంది ఆమె మెల్లగా, ఎవరితోనూ కాదు, తనలో తనే.

పక్కనున్నామె కొంచెం అవతలికి జరిగింది. ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "దేవుడికి ఆ పూలే కదప్పా పెడతా ఉండేది," అంది. ఏఎన్ఎం గబగబా అందుకుంది. మందులు సరిగ్గా పడుతున్నాయని, ఇప్పుడు అంటుకునే భయం లేదని, పూల వల్ల ఈ జబ్బు రానే రాదని గట్టిగా చెప్పింది. ఎవరు విన్నారు? నేను అంత బాగా చదివాక ఆమె మాట ఎవరికి ఎక్కుతుంది?

సర్పంచి గొంతు సవరించుకున్నాడు. "మిగతాదంతా బాగుండాది. ఈ కత మాత్రం తీసేయండి," అన్నాడు. తీర్మానంలో అదొక్కటే మార్పుగా రాశారు. అందరూ సంతకాలు పెట్టారు, అత్త కూడా వేలిముద్ర వేసింది. నేను ఇంకుప్యాడ్ పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. చెంపలు వాయించుకోవాలనిపించింది, చేయలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారు దాకా వచ్చిన కార్యకర్త ఏడ్చింది. "ఆయమ్మ నన్ను నమ్మి చెప్పింది అక్కా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ప్రతిపాదన గడువులోపలే వెళ్ళింది. తెలుగులోంచి ఆ కథ తీసేశాం. ఇంగ్లీషులో ఎవరినీ గుర్తుపట్టే అవకాశం లేదు కాబట్టి అది అలాగే ఉంది. పథకం మంజూరైందని తెలిసిన రోజు డాక్టరమ్మ ఆఫీసులో మైసూర్‌పాక్ పంచింది. నా వంతు నేనూ తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది.

ఈలోగా ఊళ్ళో ఆమె దగ్గర పూలు కొనడం మానేశారు. అత్త కంచం, చెంబు వేరుపెట్టింది. ఆమె బేరం మూతబడింది. చివరికి పిల్లల్ని అమ్మగారింట్లో వదిలి, బెంగళూరు శివార్లలో బొమ్మసంద్ర దగ్గర కట్టడం పని చేస్తున్న మొగుడి రేకుల షెడ్డుకు వచ్చేసింది. ఇవన్నీ ఫోన్లో చెప్పి, కార్యకర్త ఒక పని అప్పగించింది. "చికిత్స ఇక్కడ్నుంచి అక్కడికి మార్పించాల అక్కా. కాగితాలు నేను పంపినాను. ఆయమ్మకి కన్నడం రాదు. మీరు తోడుంటే మళ్ళీ మందులు ఆగిపోవు." నాకు ప్రాణం కుదుటపడింది. ఏదో ఒకటి చేసే అవకాశం వచ్చింది కదా అనుకున్నాను. స్వార్థమే అది, కాదనను.

ఆ షెడ్డుకు దగ్గర్లోని ఆనేకల్ ప్రభుత్వాసుపత్రి వరండాలో మొదటిసారి ఆమెను చూశాను. బక్కపలచని మనిషి, మాస్కు పెట్టుకుంది. నేనెవరో చెప్పాను. దారంతా కూడగట్టుకొచ్చిన క్షమాపణ ఒకటుంది, మంచి తెలుగులో. సగం చెప్పేసరికి ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

"ఒక మాట అడుగుతా మేడమ్. ఆ దొరలకి పంపిన ఇంగ్లీషులో గూడ నా బుట్ట సంగతి రాసినారా?"

"లేదమ్మా. ఇంగ్లీషులో అవేవీ లేవు."

ఆమె నన్ను చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"నన్నెప్పుడూ చూడని వాళ్ళకాడేమో దాచినారు. మా ఊరికేమో చెప్పినారు."

లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు. నేను ఫైలు తీసుకుని ముందుగా లేచాను. డాక్టరు గది తలుపు దగ్గర ఆమె ఆగి, నా చేతిలోంచి ఫైలు తీసుకుంది.

"మీరు బయటే కూర్చోండి మేడమ్."

"కన్నడం రాదు కదమ్మా నీకు. నేను చెబుతాను."

"వచ్చినంత నేనే చెప్పుకుంటా."

తలుపు వేసుకుంది. బెంచీ మీద కూర్చున్నాను. లోపల డాక్టరు ఏదో అడుగుతున్నాడు. ఆమె రెండు కన్నడ మాటలు, మూడు తెలుగు మాటలు కలిపి తడబడుతూ చెబుతోంది. మధ్యలో అర్థంకాక ఆయన మళ్ళీ అడుగుతున్నాడు, ఆమె మళ్ళీ మొదట్నుంచి చెబుతోంది. ఆ తలుపు అవతల ఏ మాట కావాలో నాకు తెలుసు. నేను లేవలేదు.