రేపే పుట్టినరోజు, పార్సిల్ వంతెన అవతల

ఆమెను అందరూ కౌంటరమ్మ అనేవారు. మందుల షాపుకీ టైలర్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న పార్సిల్ ఆఫీసులో అద్దం వెనక కూర్చుని చాలా ఏళ్లుగా జనానికి సమాధానాలు చెబుతోంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరు వీధిలోనే ఆగకుండా ఇంటిదాకా పాకింది. కూరలో ఉప్పు తక్కువైతే మొగుడు కంచం ముందుకు జరిపి, "కౌంటరమ్మగారూ, ఒక ఫిర్యాదండీ" అనేవాడు. అతను కరెంటు పనులు చేసే మనిషి. నోరు ఊరుకోదు.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. రాదని తెలిసిన పార్సిల్‌ని "రేపొస్తుంది" అని చెప్పి పంపేది కాదు. ఫోన్లో "బయలుదేరింది" అని వస్తే జనం గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తారు. ఆ మాటకి అర్థం ఎక్కడో ఒక గోదాములో దాన్ని వ్యాను ఎక్కించారని మాత్రమే. సాయంత్రానికి అదే వ్యాను సగం సరుకుతో వెనక్కి రావచ్చు. ఈ సంగతి ఉన్నదున్నట్టు చెబితే కొందరు మొహం మాడ్చుకునేవారు. చాలామంది మాత్రం కాసేపు నిలబడి, "అయితే ఏం చెయ్యమంటారమ్మా?" అని అడిగేవారు. సలహాలివ్వడం ఆవిడ ఉద్యోగం కాదు. అయినా రేపే పుట్టినరోజు, రేపే పెళ్లిరోజు అని బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి తల తిప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

ఆ సలహాలన్నీ ఫలించాయనీ కాదు. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు భార్యకి చేతిగడియారం తెప్పిస్తే అది రాలేదు. "ఫోన్లో గిఫ్టుకార్డు కొనండి మాస్టారూ, కోడు క్షణంలో వచ్చేస్తుంది" అందావిడ. మాస్టారు అలాంటిది కొనడం అదే మొదటిసారి. డబ్బు ఇచ్చింది ఈయనేనా కాదా అని చూసుకోవడానికి కార్డు అమ్మేవాళ్లు కోడు పంపకుండా ఆపేశారు. కోడు పెళ్లిరోజు దాటిపోయాక వచ్చింది. మాస్టారు కోప్పడలేదు. "మా ఆవిడ రోజంతా నా ఫోన్ వంక చూసి నవ్వుతూనే ఉందమ్మా, ఆ నవ్వే దక్కింది" అన్నాడు. అప్పట్నుంచి కౌంటరమ్మ గిఫ్టుకార్డు సంగతి చెప్పినప్పుడల్లా, "అదైనా ఇప్పుడే కొనండి, రాత్రి దాకా పెట్టుకోకండి" అని జోడించేది.

ఇక అసలు సంగతి. ఆ వారం వాన దంచి కొట్టింది. ఏటి మీద వంతెనకి పగులు కనబడిందని లారీలనీ పెద్ద బండ్లనీ ఆపేశారు. పార్సిళ్లన్నీ అవతలి ఒడ్డున పెద్ద గోదాములో చిక్కుకున్నాయి. ఇవతల కరెంటు వస్తూ పోతూ ఉంది. షాపులు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు షట్టర్ దించుతారో వాళ్లకే తెలియదు. తీసి ఉన్న షాపుల్లోనూ అరలు బోసిగా ఉన్నాయి. వాళ్ల సరుకు రావలసిందీ ఆ వంతెన మీదుగానే మరి.

మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మర్నాడు కూతురి పుట్టినరోజు. సైకిలు తెప్పించాడు.

"రాదన్నా. వంతెన తెరిస్తే గానీ ఏదీ రాదు" అంది ఆవిడ.

"ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుందా?"

"తిరగొద్దు, ముందు ఫోన్ చెయ్యండి. ఉందా అని అడిగితే కంప్యూటర్ చూసి ఉందనేస్తారు. వెళ్తే ఉండదు. అర దగ్గరికెళ్లి చేత్తో పట్టుకుని చెప్పమనండి. ఉంటే మీ పేరు మీద పక్కన పెట్టమనండి."

ఆయన అక్కడే నిలబడి నాలుగైదు చోట్లకి ఫోన్ చేశాడు. సైకిలు ఎక్కడా లేదు. ఒక షాపువాడు మాత్రం పిల్లల హెల్మెట్, గంట ఉన్నాయని, రెండూ చేతిలో పట్టుకునే మాట్లాడుతున్నానని చెప్పాడు.

"అవి తెచ్చేయండి" అంది కౌంటరమ్మ. "రేపు పాప నెత్తిన హెల్మెట్ పెట్టి గంట చేతికివ్వండి. సైకిలు ఎక్కడుందో, ఎందుకాగిందో చెప్పండి. ఏమీ లేకుండా 'వస్తుందిలే' అంటే నమ్మరు. చేతిలో గంట ఉంటే నమ్ముతారు."

డ్రైవరు నవ్వుకుంటూ వెళ్లాడు. ఆవిడా నవ్వుకుంటూనే అవతలి ఒడ్డున ఆగిన సరుకు వివరాలు తెరమీద చూడసాగింది. అలా చూస్తుండగా ఒకచోట తన ఇంటి అడ్రసే కనబడింది.

అది వదినకి తెప్పించిన శాలువా. వదిన అంటే మొగుడి అక్క. మర్నాడే ఆవిడ పుట్టినరోజు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. ఊరందరికీ దారి చెప్పే కౌంటరమ్మ, తన పార్సిల్ ఎలాగూ తన ఆఫీసుకే వస్తుంది కదా అన్న ధీమాతో ఇన్నాళ్లూ దాని ఊసే ఎత్తలేదు.

ఇంటికి వెళ్లి చెబితే మొగుడు పగలబడి నవ్వాడు. "నీ ఆఫీసులో నీ పార్సిలే రాకపోతే ఇంకెవరిదొస్తుందే?"

"నవ్వింది చాలు. వాళ్లింటికి ఒట్టిచేతులతో ఎలా వెళ్తాం?"

బేకరీకి ఫోన్ చేస్తే కరెంటు లేదు, ఓవెన్ వెలగడం లేదు అన్నారు. మందుల షాపులో సబ్బుల పెట్టె ఉంది గానీ, పుట్టినరోజు నాడు సబ్బులిస్తే ఒంటిమీద మురికి చూసి ఇచ్చారనుకుంటుందేమో అని మానేశారు. అప్పుడు కౌంటరమ్మకి బీరువా పైఅరలో కొత్త దుప్పటి గుర్తొచ్చింది. కవరు కూడా చింపలేదు. దులిపి మంచం మీద పెట్టి, రంగుకాగితం కోసం వెతుకుతుంటే మొగుడు దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరిచ్చారో గుర్తుందా?"

"ఎవరు?"

"అక్కే. మనం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. దుప్పటి మళ్లీ పైఅరకెక్కింది.

ఎవరెవరికో చెప్పే మాట తనకి తనే చెప్పుకుంది కౌంటరమ్మ. వస్తువు సంగతి పక్కనపెట్టి మనిషి సంగతి చూడాలి. వదినకి ఫోన్ చేసింది. రేపు ఎన్నింటికి రమ్మంటారో అడిగే నెపంతో మాటలు కలిపింది.

"పొద్దున్నే వచ్చేయండి, రేపు నాకు సెలవే" అంది వదిన. "కాళ్లు పీకుతున్నాయే తల్లీ. బస్సులు సగానికి సగం తగ్గించేశారు. డ్యూటీ దిగి నిలబడి నిలబడి, ఇక రాదనుకుని నడుచుకుంటూ వచ్చా. నువ్వు హాయిగా నీ స్కూటరెక్కి తుర్రుమంటావు. నాకు ఆ వయసులో నేర్పేవాళ్లెవరు? వీణ్ణి చంకనేసుకుని తిరగడానికే సరిపోయింది."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. నవ్వుతూనే అంది. కౌంటరమ్మ ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"వదినకి బండి నేర్పుదాం" అంది.

"అక్కకి యాభై దాటాయి!"

"దాటితే? చేతులు లేవా, కాళ్లు లేవా?"

"నేర్పడం సరే. రేపు చేతిలో ఏం పెడతావు? కాగితమా?"

ఆ మాట సూటిగానే తగిలింది. కాగితం మీద రాసిచ్చే మాటలు ఎలా పోతాయో ఆవిడకి తెలుసు. 'ఎప్పుడైనా తీసుకెళ్తాను, ఎప్పుడైనా చేసిపెడతాను' అని రాసిస్తే ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. అందుకని రేపటి రోజే, ఉదయం ఏడింటికి మొదటి పాఠం అని రాయాలనుకుంది. మరి ఎక్కడ నేర్పాలి? రోడ్డు మీద వద్దు. లైసెన్సు లేదు, పైగా కొత్త చెయ్యి.

అప్పుడు తట్టింది. ఆఫీసు వెనక వ్యాన్లు నిలిపే ఆవరణ. మామూలు రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు. వంతెన మూసినప్పట్నుంచి ఒక్క వ్యాను లేదు, ఖాళీగా పడి ఉంది. మేనేజరుకి ఫోన్ చేసి అడిగితే, "సరుకు వచ్చేదాకా మీ ఇష్టమమ్మా. గోడకి మాత్రం గుద్దకండి, పోయిన నెలే సున్నం వేయించాం" అన్నాడు.

తెల్లారేసరికి వాన వెలిసింది. తమ్ముడూ మరదలూ గుమ్మంలోకి రాగానే వదిన వాళ్ల చేతులవంక చూడకుండా మొహాలవంకే చూసింది. కౌంటరమ్మ 'ఈరోజు ఉదయం ఏడింటికి బండి మొదటి పాఠం' అని రాసిన కార్డు అందించింది. వదిన కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"నన్ను చంపడానికి ఎంతకాలం నుంచి ప్లానేశారర్రా?"

"ఒక్క సాయంత్రమే అక్కా. టైం దొరకలేదు" అన్నాడు తమ్ముడు.

"నేనా! ఈ వయసులో! ఎవరైనా చూస్తే?"

"ఎవరూ చూడరు వదినా. పెద్ద ఆవరణ, గేటు వేసేస్తాం. మీకు భయమేస్తే దిగిపోండి, టీ తాగి వచ్చేద్దాం."

వదిన లోపలికి వెళ్లి చెప్పులు విప్పి, డ్యూటీకి వేసుకునే బూట్లు వేసుకుని వచ్చింది. అది చూసి కౌంటరమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఆవరణలో కౌంటరమ్మ మొదట ఇంజను వెయ్యనివ్వలేదు. హెల్మెట్ పెట్టించి, బండి మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లతో నేలని తోసుకుంటూ నడిపించింది. "బ్రేకులు రెండూ కలిపి, మెల్లగా. గట్టిగా పట్టేస్తే జారుతుంది. భయమేసినప్పుడు కుడిచెయ్యి బిగుసుకుంటుంది వదినా, అప్పుడే బండి దూకుతుంది. భయమేస్తే ముందు ఆ మణికట్టు వదులు చెయ్యండి." బండి బరువు కాళ్లకి అలవాటయ్యాకే తాళం తిప్పింది.

మొదటిసారి వదిన కుడిచెయ్యి బిగించనే బిగించింది. బండి ఎగిరి ముందుకు దూకింది. గోడ మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. "అక్కా, గోడ! సున్నం! సున్నం!" అని అరుస్తూ తమ్ముడు పక్కన పరుగెత్తాడు. వదిన మణికట్టు వదిలింది. బ్రేకులు పట్టింది. గోడకి బారెడు దూరంలో బండి ఆగింది.

కౌంటరమ్మకి దీనికన్నా సబ్బుల పెట్టే నయమేమో అనిపించింది.

వదిన వెనక్కి తిరిగి, "ఆగింది చూశావా? నేనే ఆపాను" అంది.

ఆ తర్వాత ఆవిణ్ణి దింపడం ఎవరి తరమూ కాలేదు. పొడుగునా వెళ్లింది, మలుపు దగ్గర కాళ్లు దించి తిరిగింది, మళ్లీ వచ్చింది. తమ్ముడు మొదట పక్కన పరుగెత్తాడు, తర్వాత నడిచాడు, చివరికి మెట్టు మీద చతికిలబడ్డాడు. "చిన్నప్పుడు నన్ను ఎక్కడికైనా ఎత్తుకునే తీసుకెళ్లేది" అన్నాడు పెళ్లాంతో. "అప్పుడు కూడా ఇంత నవ్వడం చూడలేదు."

ఎండ మెల్లగా ఎక్కింది. నీళ్లు నిలిచిన చోట్ల చక్రాల గీతలు పడుతున్నాయి. కౌంటరమ్మ ఫ్లాస్కు తెరిచి టీ పోస్తూ, "వదినా, చల్లారిపోతుంది, రండి!" అని పిలిచింది.

"ఇంకొక్క చుట్టు!" అంది వదిన హెల్మెట్ లోంచి. "ఎల్లుండి కూడా నాకు పొద్దున ఖాళీయే. ఏడింటికంటే ఏడింటికి రావాలి, ఆలస్యం చేస్తే ఊరుకోను!"