కొసరుగా ఇచ్చిన గొంతు

ఉదయగిరిలో మా అవ్వతో వంట వీడియోలు చేస్తున్న రోజుల్లో, ఆత్మకూరు నూనె షాపు ఆయన అవ్వతో ఒక ప్రకటన రీల్ చేసి నా పేజీలో పెట్టమన్నాడు. రేటు నేనే చెప్పాను. నా చివరి పది రీల్స్‌ని సగటున ఇరవై వేల మంది చూశారు కాబట్టి దానికి నాలుగు వేలు, తీసి ఎడిట్ చేసే రెండు రోజుల పనికి రెండు వేలు.

ఆయన బేరమాడలేదు. "తర్వాత దాన్నే మా షాపు యాడ్‌గా కూడా నడుపుకుంటాం. దానికి వేరే రేటేమన్నా ఉండాదా?" అని తనే అడిగాడు.

అంత మర్యాదగా అడిగిన మనిషి దగ్గర ఇంకా డబ్బడగడం నాకు చిన్నతనమనిపించింది. మా ఇంట్లో శనక్కాయలు కొలిచినా చివర గుప్పెడు కొసరు వేయందే గంప ఎత్తనివ్వరు. "ఎన్నాళ్లయినా వాడుకోండన్నా, అది కొసరు" అన్నాను. వాట్సాప్‌లోనూ అదే రాసి పంపాను.

ఏడాది తిరక్కుండానే అవ్వ పోయింది. నలభయ్యో రోజు ప్రార్థనకు సామాన్లు కొనడానికి ఆత్మకూరు వెళ్తే, బస్టాండులో పక్కనామె ఫోన్లోంచి అవ్వ పిలిచింది. "రెండు ముద్దలు తిని పోండి నాయనా."

వెంటనే షాపాయనకు ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. "అవ్వ పోయిన సంగతి నాకు తెలీదమ్మా, ఇప్పుడే ఆపిస్తా. ఎన్నాళ్లయినా అని నువ్వే చెప్పినావని నడుపుతా ఉండాను."

ఇప్పుడు ఎవరు రేటడిగినా, యాడ్ ఎన్ని నెలలు నడుపుతారో ముందు అడిగి, నెలకింతని చెబుతాను. ఎన్నాళ్లయినా అని రాసిచ్చిన ఆ రోజు మాత్రం అవ్వను ఒక్క మాటయినా అడగలేదు. గొంతు ఆమెది, కొసరు వేసిన చెయ్యి నాది.