తలుపులక్క పెట్టిన మెసేజ్

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏళ్ల తరబడి ఇంటింటి తలుపూ తట్టి సర్వే వివరాలు రాసుకునే మనిషి కాబట్టి అందరికీ తలుపులక్కే. ఇప్పుడు కంపెనీ ఆమెను సూపర్‌వైజర్‌ని చేస్తానంది. కాలు ఒకచోట నిలవడం లేదు! కానీ ఒక మెలిక పెట్టారు. సాయంత్రంలోగా ఆరుగురు విద్యార్థుల్ని కుదర్చాలి. కుదర్చకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

పొద్దున్నే మెసేజ్ రాసి కాలేజీ గ్రూపుల్లో పెట్టించింది. మధ్యాహ్నం దాటినా ఫోను ఉలకలేదు, పలకలేదు.

కాలేజీ నుంచి వచ్చిన ఆమె అక్క కూతురు ఆ మెసేజ్ చదివి పడీపడీ నవ్వింది.

"ఏంటి పిన్నీ ఇది? 'మీకు తీరిక ఉంటుందా? రోజుకు ఎన్ని ఇళ్లు తిరగగలరు? ఎంత ఇస్తే బాగుంటుంది?' పని ఇస్తున్నావా, మా మీదే సర్వే చేస్తున్నావా?"

"జవాబు మనమే ముందు అందించకూడదే! ట్రైనింగులో మొట్టమొదట నేర్పేది అదే."

"అది గుమ్మం దగ్గర. ఇక్కడ ఏమీ చెప్పకపోతే మోసమనుకుంటారు. ట్రైనింగ్ ఫీజంటూ గుంజుతారని మా క్లాసంతా ఒకటే గోల. నువ్వు మా పిన్నివని నేను నోరెత్తితే ఒట్టు!"

"ఓసి గడుగ్గాయీ! సరే, కూర్చో. నేను చెబుతాను, నువ్వు టైప్ కొట్టు."

ఈసారి మెసేజ్ ఇలా వెళ్లింది: "ఇంటి ఖర్చుల సర్వేకు ఆరుగురు విద్యార్థులు కావాలి. పార్ట్‌టైమ్, రెండు వారాలు. ప్రాంతం: మార్కెట్ వెనక వీధులు. రోజుకు ఎనిమిది ఇళ్లు పూర్తి చేయాలి. పూర్తయిన ఇంటికి డెబ్భై రూపాయలు, వారం వారం బ్యాంకు ఖాతాలో. రేపు ఉదయం తొమ్మిదికి మా ఆఫీసులో శిక్షణ. ఫీజు లేదు, ఆ రోజుకూ మూడు వందలు ఇస్తాం. ఇళ్లు మేమే ఏరి ఇస్తాం. తాళం ఉంటే పక్కింటికి వెళ్లకూడదు, ఆ ఇంటికే మళ్లీ రావాలి."

ఇక చూడాలి సంబరం! ఒక ఫోను పెట్టేసేలోపు ఇంకొకటి. ఒకడికి సైకిల్ మీద తిరగొచ్చా అని సందేహం, ఒకమ్మాయికి కుక్కలుంటాయేమోనని భయం. తలుపులక్క అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. అయిదుగురు కుదిరారు. ఆ తర్వాత ఫోను చల్లబడింది. బయట వెలుతురు తగ్గుతోంది.

"నేను పనికిరానా పిన్నీ?"

"నువ్వా! వస్తావా? మన వీధిలో మాత్రం వేయను. పొరుగింటి పిల్లకి ఇంటి ఖర్చులు ఎవరు చెబుతారు?"

"నీకు చెబుతారుగా?"

"నాది వేరు. చెప్పేదాకా గుమ్మం దిగనుగా!"

ఆరు పేర్లూ వెళ్లాయి. 'సూపర్‌వైజర్ పని మీకే' అని కంపెనీ నుంచి జవాబు రాగానే, ఇద్దరూ చేతులు పట్టుకుని గది మధ్యలో గిర్రున తిరిగారు.

మర్నాడు శిక్షణ గదిలో తలుపులక్క ఇంటావిడ వేషం కట్టింది. లోపల నిలబడి తలుపు మూసుకుంది. బయటినుంచి టకటకా చప్పుడు.

"ఎవరది? ఏం అమ్ముతారు? మాకేమీ వద్దు!"

"అమ్మేదేం లేదు పిన్నీ..."

"పిన్నేంటమ్మా? నేనెవరో నీకు తెలియదు. మళ్లీ తట్టు!"

మిగతా అయిదుగురూ ఘొల్లుమన్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి తలుపుకు లోపలివైపు నిలబడ్డ తలుపులక్క, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ ఆ చప్పుడు కోసం ఎదురుచూసింది.