జకర్యా గారి ఇరవై రెండు పేజీలు

రైల్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన జకర్యా గారు అరవై నాలుగో ఏట దూరవిద్యలో ఎం.ఏ. చరిత్రకు కట్టారు. చేత్తో రాసిన అసైన్‌మెంటును ఒకే పీడీఎఫ్‌గా ఆ సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. ఇరవై రెండు పేజీలనూ మంచం మీద పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసి, కాగితాలతో సహా లాలాగూడలో షెకీనా నడిపే జిరాక్స్ షాపుకు వెళ్లారు. అక్కడ స్కానర్ రిపేరుకు పోయింది.

"ఫొటోల తోటే చేస్త, చూపించండి," అని ఫోన్ అందుకున్న షెకీనా నుదురు పట్టుకుంది. "అంకుల్, ఇది పేజీనా, దుప్పటా?"

"రెండూనమ్మా."

తెల్ల దుప్పటి మీద తెల్ల కాగితం. స్కానింగ్ యాప్‌కు అంచులు దొరక్క, ఒకచోట దిండునూ పేజీలో కలిపేసుకుంది. ప్రతిదాని మీదా ఆయన తల నీడ. షెకీనా నాలుగు మూలలూ వేలితో లాగి సరిపెడితే వంకర పేజీ నిటారైంది. నీడ పోవడానికి ఫిల్టర్ నొక్కింది. కాగితం తెల్లబడింది, అక్షరాలు నల్లబడ్డాయి. వాటితోపాటు వెనకవైపు రాత కూడా తిరగబడి పైకి తేలింది.

"వెనక సుత రాసిన్రా?"

"లేదమ్మా. ఫ్రిజ్ మీద ఒకవైపు వాడేసిన కాగితాలుంటే, రెండోవైపు దండగెందుకని రాశాను."

ఆయన అసలు కాగితం తిప్పి చూశారు. భార్య కాంతమణి చేతిరాత. పాస్టరు గారికి ఉత్తరం, చిత్తుప్రతి. "మా వారిని క్వయర్ నుంచి తప్పించగలరు. ఆయన గొంతెత్తితే మిగతావాళ్లు పాట మరిచిపోతున్నారు. నొచ్చుకోకుండా ఏదైనా పెద్ద బాధ్యత ఇవ్వండి."

జకర్యా గారు స్టూలు మీద కూలబడ్డారు. రెండేళ్లుగా ఆయన చర్చి పార్కింగ్ ఇన్‌చార్జి. విజిల్ కూడా ఇచ్చారు. ప్రమోషనని బంధువులందరికీ చెప్పుకున్నారు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశారు. "కాంతం, పాస్టరు గారికి ఉత్తరం రాశావా?"

"ఏది?" అంది కాంతమణి.

"అంటే ఇంకా ఉన్నాయా?"

"అంకుల్, లొల్లి తర్వాత పెట్టుకోండి. నాలుగున్నర అయింది," అంటూ షెకీనా గుమ్మం దగ్గర నల్ల అట్ట పరిచింది. "కింద నల్లగుంటే అంచులు దొరుకుతయ్, వెనక రాత సుత అంతగా పైకి రాదు. మీరు జెర పక్కకు జరగండి, వెలుగు రానియ్యండి."

ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని ఒక్కొక్క పేజీనే మళ్లీ తీసింది. ఈసారి ఫిల్టర్ కాస్త తగ్గించింది. వరస సరిచూసి అన్నిటినీ ఒకే ఫైలు చేసింది. నాలుగు యాభైకి అది వెళ్లిపోయింది.

ఇంట్లో కాంతమణి టీ ఇచ్చి రెండడుగులు వెనక్కి నిలబడింది.

"నిజం చెప్పు. అంత ఘోరంగా పాడతానా?"

"గొంతు మంచిదేనండీ," అందామె ఆలోచించి. "పాట జోలికి వెళ్లనంత వరకు."

జకర్యా గారికి నవ్వాగలేదు. సగం టీ లుంగీ మీద పడింది.