మూడో నంబరు కణం

ఆ కాలేజీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పిల్లలందరికీ ఆమె ఉల్లక్క. వృక్షశాస్త్రం ప్రయోగశాల కిటికీలో వరసగా సీసాలు, ఒక్కో సీసా మూతి మీద ఒక్కో ఉల్లిపాయ, అడుగున నీళ్ళలోకి దిగిన తెల్లటి వేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఆ సీసాలు ఆమెవే.

మొదట ఉద్యోగంలో చేరింది గాజుసామాను కడగడానికి. రెండో ఏడాది ఒక రోజు పిల్లలు వెళ్ళిపోయాక, కడగాల్సిన స్లైడు ఒకటి సూక్ష్మదర్శిని కిందే ఉండిపోయింది. తీసే ముందు ఊరికే కన్నుపెట్టి చూసింది. ఎర్రటి ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కో ఇటుకలో ఒక్కో బొమ్మ. ఒకదాంట్లో నూలు ఉండ. ఇంకోదాంట్లో నడిమధ్యన అడ్డంగా ఒక వరస. ఆ పక్కదాంట్లో ఆ వరస రెండుగా చీలి, చెరో దిక్కుకు పోతోంది. చివరిదాంట్లో రెండు కొసల్లో రెండు ముద్దలు, మధ్యలో సన్నటి గోడ లేస్తోంది. ఆ సాయంత్రం గాజుసామాను కడగడం గంట ఆలస్యమైంది.

అప్పటినుంచి వాటికి తనే పేర్లు పెట్టుకుంది: ఉండ, వరస, విడిపోత, రెండిళ్ళు. ఒకసారి ఎవరో కుర్రదానికి "అది ఉండ తల్లీ, ఇంకా వరస కాలేదు" అని చెబుతుంటే లెక్చరర్ మేడం వెనకనుంచి విన్నది. నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "నీ ఉండని పుస్తకంలో ప్రొఫేజ్ అంటారు. వరస మెటాఫేజ్. విడిపోత ఎనాఫేజ్. రెండిళ్ళు టీలోఫేజ్. పేర్లే తేడా, నువ్వు చూసింది సరిగ్గానే చూశావు" అన్నది. ఉల్లక్క ఆ నాలుగు మాటలూ అరచేతి మీద రాసుకుని ఇంటికి వెళ్ళింది.

తర్వాత స్లైడు చెయ్యడమూ ఆమె చేతికే వచ్చింది. పొద్దున్నే వేళ్ళ కొసలు కత్తిరించడం, అవి చెడకుండా ఆల్కహాలూ ఎసిటిక్ ఆమ్లమూ కలిపిన సీసాలో వెయ్యడం, మర్నాడు తీసి రంగులో వెచ్చబెట్టడం. బాగా ఎర్రబడ్డ మిల్లీమీటరు కొసని మాత్రం గాజుపలక మీద పెట్టి, పైన పల్చటి గాజురేకు మూసి, పెన్సిలు మొద్దుకొసతో తట్టి, అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నొక్కడం. ఆ నొక్కడంలోనే ఉంది కిటుకంతా. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా కణాలు నుజ్జు. ఆమె వేలు జరగదు.

ఇలా ఉండగా ప్రయోగశాల సాంకేతిక సహాయకుల పోస్టులు పడ్డాయి. పదో తరగతి పాసై, పదేళ్ళు ప్రయోగశాలలో పనిచేసినవాళ్ళు రాయొచ్చన్నారు. రాతపరీక్షలో వందకి డెబ్బై వస్తేనే చేతిపని పరీక్షకు పిలుపు.

ఇంట్లో ఈ మాట చెబితే వదిన (భర్త అక్కగారు, వాళ్ళతోనే ఉంటుంది) తువ్వాలు మడతపెడుతూ ఆగిపోయింది.

"నలభై నాలుగేళ్ళకి పరీక్షేంటే? కళ్ళజోడు వెతుక్కోడానికే నీకు గంట పడుతుంది."

"పరీక్షలో కళ్ళజోడు ముఖానే ఉంటుంది వదినా."

"అయితే పాసయినట్టే" అని వదిన నవ్వేసి, ఆ రోజునుంచి సాయంత్రం వంట తన నెత్తిన వేసుకుంది. భర్త లేతు మిషను దగ్గర పనిచేసి వచ్చి, నూనె చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. ఆ పేర్లు పలకడానికి ఆయనే ఎక్కువ తంటాలు పడేవాడు.

పరీక్ష రోజు అంతా బాగానే సాగింది, ఆఖరి పేజీదాకా. అక్కడ ఉల్లి వేరు కొస ఫోటో ఉంది. నాలుగు కణాలకు నాలుగు నంబర్లు. ఒక్కోటి ఏ దశో రాయాలి, ఒక్కోదానికి ఒక్కో మార్కు.

ఒకటో నంబరు కణం మధ్యలో అడ్డవరస. మెటాఫేజ్. రెండోది చీలి దూరమవుతున్న రెండు గుంపులు, క్రోమోజోముల కొసలు చేతుల్లా వెనక్కి ఈడ్చుకుపోతున్నాయి. ఎనాఫేజ్. నాలుగోదాంట్లో రెండు ముద్దలూ కొత్తగోడా. టీలోఫేజ్. ఇక మిగిలింది మూడోది. గుండ్రంగా ఉంది. పైపైన చూసినవాళ్ళు ఎవరైనా ఉండ అనే అంటారు.

ఆమె కలం ప్రొఫేజ్ అని రాయబోయి ఆగింది. అది ఉండ కాదు. ఉండలో దారాలు పొడుగ్గా, సన్నగా, ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియదు. ఇక్కడ పొట్టిగా, లావుగా, వేటికవి విడిగా ఉన్నాయి. నడుములన్నీ లోపలికి, చేతులన్నీ బయటికి చాచి, పువ్వు విచ్చినట్టున్నాయి. ఇదీ వరసే. కాకపోతే పక్కనుంచి కాదు, పైనుంచి కనపడుతున్న వరస.

పరీక్ష పెట్టినవాళ్ళ ఉద్దేశం ఆమెకు తెలియకపోలేదు. నాలుగు ఖాళీలు, నాలుగు దశలు. ఒకటోదానికి మెటాఫేజ్ అయిపోయింది కాబట్టి మూడోదానికి ప్రొఫేజ్ కావాలి వాళ్ళకి. అది రాస్తే మార్కు చేతిలో పడ్డట్టే. గడియారం చూసింది. ఇంకా అయిదు నిమిషాలున్నాయి. "కళ్ళతో చూసిందాన్ని కాదని ఎలా రాయను?" అని తనలో తాను గొణుక్కుని, "మెటాఫేజ్, పైనుంచి చూసినది" అని రాసి కాగితం ఇచ్చేసింది.

వారానికి జవాబుల కీ పెట్టారు. మూడోదానికి ప్రొఫేజ్. ఉల్లక్కకు అరవై తొమ్మిది.

భర్త ఆ అంకెను రెండుసార్లు చదివాడు. వదిన మాత్రం ఊరుకోలేదు. "ఒక్క మార్కా? వాళ్ళనుకున్నదేంటో తెలిసీ రాయలేదా? నీ మొండితనానికి దండం పెట్టాలి."

"తప్పు నాది కాదు వదినా, కీది."

"అయితే ఇక్కడ కూర్చుని నాతో చెబుతావేంటి? వాళ్ళకి చెప్పు పో."

అభ్యంతరాలు తెలపడానికి మూడు రోజులు గడువుంది. ఉల్లక్క ఒక పేజీ అర్జీ రాసింది. మేడం చదివి, ఒక కామా మాత్రం పెట్టి ఇచ్చింది. "మాటలు మార్చను. ఇది నీ చూపు, నీ మాటల్లోనే వెళ్ళాలి" అన్నది.

అర్జీ మీద మాట్లాడడానికి పిలుపు వచ్చింది. పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు: తల నెరిసిన ప్రొఫెసరు, ఒక గుమాస్తా, కీ తయారుచేసిన లెక్చరరు. బల్ల మీద ఆ ఫోటో పెద్దది చేసిన ప్రతి. పక్కన, ఆమె అర్జీలో అడిగిన ప్రకారం, ఒక సూక్ష్మదర్శిని.

లెక్చరరు మర్యాదగానే మొదలుపెట్టాడు. "చూడండమ్మా, ఒకటో కణం మెటాఫేజ్ అని మీరూ రాశారు. మళ్ళీ మూడోదీ మెటాఫేజ్ అంటే ఎలా?"

"సార్, ఒకే దశ రెండుసార్లు రాకూడదని ప్రశ్నలో ఎక్కడా లేదండి. వేరు కొసలో అయితే ఎన్నిసార్లయినా వస్తుంది."

గుమాస్తా ప్రశ్నపత్రం తిరగేసి చూసి, "లేదండి, రాయలేదు" అన్నాడు.

"కానీ అది గుండ్రంగా ఉంది కదా. మెటాఫేజ్ అడ్డంగా ఉండాలి" అన్నాడు లెక్చరరు.

ఉల్లక్క బల్ల మీదున్న టీ సాసరు అందుకుంది. కంటికి ఎదురుగా అంచు కనపడేట్టు పట్టుకుంది. "ఇలా చూస్తే గీత సార్." తిప్పి వాళ్ళ వైపు పెట్టింది. "ఇలా చూస్తే గుండ్రం. సాసరు అదే. మనం నొక్కినప్పుడు కణం ఎటు పడితే అటే కనపడుతుంది."

ప్రొఫెసరు కళ్ళజోడు పైకి నెట్టాడు. "గుండ్రంగా కనపడేవి రెండు రకాలున్నాయన్నమాట. మరి ఇది ప్రొఫేజ్ కాదని ఫోటో చూసే చెప్పగలవా?"

"చెప్పగలను సార్. ప్రొఫేజ్ అయితే లెక్కపెట్టలేం, చిక్కు. ఇవి లెక్కపెట్టండి. ఉల్లికి పదహారు క్రోమోజోములు. పదహారూ దొరకాలి."

ఆయన పెన్సిలు తీసుకున్నాడు. ఒక్కోదాని నడుం మీద చుక్క పెడుతూ పోయాడు. పద్నాలుగు. పదిహేను. ఆగిపోయాడు.

"పదిహేనే ఉన్నాయే."

ఉల్లక్క ముందుకు వంగి వేలు పెట్టింది. "ఇక్కడ సార్, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగు చేతులు చూడండి. ఒక్కదానికి రెండే కదా ఉండాలి."

ప్రొఫెసరు దగ్గరగా చూసి, పదహారో చుక్క పెట్టాడు.

"ఇంకో మాట సార్. దీని చుట్టూ కేంద్రకం అంచు లేదు. లోపల కేంద్రకాంశం చుక్క కూడా లేదు. ఉండ దశలో అయితే చాలాసేపు ఉంటాయి." తర్వాత సంచిలోంచి సీసా తీసింది. ఆల్కహాల్లో దాచిన వేళ్ళ కొసలు, అప్పటికే రంగేసినవి. వాళ్ళ కళ్ళముందే గాజుపలక మీద పెట్టి, తట్టి, నొక్కింది. మొదటి స్లైడులో దొరకలేదు. రెండోదాంట్లో రెండు నిమిషాలు వెతికి, పక్కకు తప్పుకుంది. "చూడండి సార్. ఎడంపక్క అడ్డవరస, కుడిపక్క పువ్వు. రెండూ ఒకే దశ. చూపు కుదిర్చే ఈ సన్నమర తిప్పండి, పువ్వులో చేతులన్నీ ఒక్కసారే స్పష్టమవుతాయి. కింద ఓ ఉండ ఉంది, దాని మీదా మర తిప్పి చూడండి, దారాలు ఒకదాని తర్వాత ఒకటి తేలతాయి."

ముందు ప్రొఫెసరు చూశాడు. తర్వాత లెక్చరరు చూశాడు, చాలాసేపు, మర అటూ ఇటూ తిప్పుతూ. తలెత్తేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. అయినా మనిషి మంచివాడు, తప్పించుకోలేదు. "నాదే పొరపాటు. నాలుగు దశలూ ఒక్కోసారి రావాలని ముందే అనుకుని చూశాను. ఈ స్లైడు ఉంచేసి వెళ్తారా, మా పిల్లలకి చూపిస్తాను" అన్నాడు.

"ఇది రెండు రోజుల్లో ఎండిపోతుంది సార్. పాడవనిది ఒకటి చేసి పంపిస్తాను."

కీ సవరించారు. ఆమెలాగే రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకో ఆరుగురున్నారని అప్పుడే తెలిసింది. వాళ్ళందరికీ మార్కు కలిసింది. ఆ ఆరుగురిలో ఒకామె ఫోన్ చేసి ఏడ్చేసింది. "అక్కా, నేను తప్పేమోనని నోరు మూసుకున్నాను" అన్నది. "కళ్ళు మూసుకోలేదుగా, అది చాలు" అన్నది ఉల్లక్క.

చేతిపని పరీక్షలో ఇరవైమంది. ఇచ్చిన పని: ఉల్లి వేరు స్లైడు. చదివేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. పక్క బల్ల మీద గాజురేకులు చిట్లుతుంటే, ఆమె నాలుగు దశలూ ఒకే చూపులో కనపడే స్లైడు చేసి, చేతులు కట్టుకుని నిలబడింది. జాబితాలో మొదటి పేరు ఆమెదే. భర్త ఆ కాగితం లేతు మిషను దగ్గర అందరికీ చూపించి తెచ్చాడు. అంచున నూనె వేలిముద్రలు పడ్డాయి. వదిన ఆ రోజు ఇరుగుపొరుగు అందరికీ క్రోమోజోములు పదహారని చెప్పింది, ఎవరూ అడక్కపోయినా.

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు తెల్లకోటు వేసుకుని తన పాత ప్రయోగశాలలోకే అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. ఉల్లక్క కోటు చేతులు సర్దుకుంది. తర్వాత వాళ్ళ అరచేతుల వైపు చూసి గట్టిగా అన్నది:

"చాలు, చాలు! ఆ రంగు చేతులు ముందు కడుక్కోండి, సూక్ష్మదర్శినులన్నీ ఎర్రబడతాయి."