నాగేంద్రమ్మ పెనం మీద తూకం

నాగేంద్రమ్మది వీపనగండ్ల. పెళ్ళయిన కొత్తలో భర్తతో గద్వాల వచ్చి, ఒక హోటల్లో పప్పు రుబ్బే పనికి కుదిరింది. ఆ యజమాని నూనె సీసా తన దగ్గరే ఉంచుకుని చుక్కలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. దోశలు పెనానికి అంటుకుని చినిగిపోతుంటే తిట్లు మాత్రం ఆమెకు పడేవి. పన్నెండేళ్ళకు బస్టాండు వెనక సొంత టిఫిన్ సెంటర్ పెట్టుకున్నప్పుడు ఆమె ఒకటే అనుకుంది: నూనె దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవద్దు. ఆమె మసాలా దోశ ఎర్రగా, కరకరలాడుతూ ఉండేది. పల్లి చట్నీ అడిగినన్నిసార్లు వేసేది.

రోజూ పొద్దున ఏడింటికి వచ్చేవాడు వెంకటన్న. గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. 2006లో అతనికి షుగర్ అని తేలింది, మందులు మొదలయ్యాయి. దవాఖానలో ఆహారం గురించి చెప్పే గీత అతనికి ఒక కాగితం ఇచ్చి, రోజుకు పదిహేను వందల క్యాలరీలు దాటొద్దని చెప్పింది. తిన్నది నోటుబుక్కులో రాసుకోమంది. కాగితంలో దోశ ఒకటికి నూటముప్పై అని ఉంది. వెంకటన్న రోజూ పొద్దున టిఫిన్ ఎదురుగా "దోశ 1 – 130" అని నిజాయితీగా రాసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం సగం చేశాడు, రాత్రి రొట్టె తిన్నాడు. మూడు నెలలకు మూడు కిలోలు పెరిగాడు. షుగర్ తగ్గలేదు.

గీత నోటుబుక్కు రెండుసార్లు చూసింది. అబద్ధం రాసినట్టు అనిపించలేదు.

"ఈ దోశ ఎక్కడ తింటవు అన్నా?"

"నాగేంద్రమ్మక్క దగ్గర. మసాలా దోశ."

మర్నాడు గీత చిన్న తూకం సంచిలో వేసుకుని టిఫిన్ సెంటర్‌కు వచ్చింది. నాగేంద్రమ్మ గరిటె కింద పెట్టేసింది.

"తనిఖీకొచ్చినవా మేడం? నా దగ్గర కల్తీ లేదు, చూస్కో."

"తనిఖీ కాదక్కా. వెంకటన్న ఏం తింటుండో జర తూచి చూస్త, అంతే."

ముందు పిండి. ఒక దోశకు గరిటెడు పిండి, నూటఇరవై గ్రాములు. బియ్యం, పప్పు కలిపి నాలుగు కిలోలు రుబ్బితే తొమ్మిది కిలోల పిండి అవుతుందని నాగేంద్రమ్మ చెప్పింది. అంటే ఒక దోశలో పొడి సరుకు యాభైమూడు గ్రాములు: దాదాపు నూటఎనభైఐదు క్యాలరీలు. నూనె ఎలా తూచాలో ఇద్దరికీ మొదట తోచలేదు. చివరకు గీత సీసాను తూచి, పది దోశలయ్యాక మళ్ళీ తూచింది. నూటయాభై గ్రాములు తగ్గింది.

"ఒక్కో దోశకు పదిహేను. గ్రాముకు తొమ్మిది క్యాలరీల చొప్పున నూటముప్పైఐదు. పెనానికి కొంచెం మిగిలిందనుకున్నా పెద్దగ తగ్గదు."

ఆలుగడ్డ కూర వంద గ్రాములు. అందులో తాలింపు నూనెతో కలిపి నూటఇరవై క్యాలరీలు. చట్నీకి కిలో పల్లీలు, యాభై వడ్డనలు. ఒక్కో వడ్డనలో ఇరవై గ్రాముల పల్లీలు, అంటే నూటపదిహేను క్యాలరీలు.

"వెంకటన్న ఎన్నిసార్లు వేయించుకుంటడు?"

"రెండుసార్లు" అంది నాగేంద్రమ్మ మెల్లగా.

మొత్తం ఆరువందల డెబ్బై. వెంకటన్న రాసుకున్నదానికి ఐదింతలు.

"గట్లంటే ఆయనకు నేనే రోగం తెచ్చిన్నా?"

"లేదక్కా. షుగర్ నువ్వు తేలే. కాగితంల ఉన్నది ఇంట్ల పోసుకునే చిన్న సాదా దోశ. కూర, చట్నీ, ఇంత నూనె అందుల లెక్కల లేవు. ఆ మాట ఆయనకు నేను చెప్పాల్సింది."

ఆ మాటతో నాగేంద్రమ్మ మనసు కుదుటపడలేదు. గీత లెక్క చెప్పాక వెంకటన్న వారం రోజులు ఆ వైపు రాలేదు. ఎనిమిదో రోజు ఆమే మగ్గం దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు రాలే అన్నా?"

"వస్తే తినకుండ ఉండలేను అక్కా."

మంగళవారం రమ్మని చెప్పింది. ఆ రోజు ఎనభై గ్రాముల పిండితో పలుచగా పోసి, చెంచాడు నూనె మాత్రం వేసింది. సగం కూర, సగం వడ్డన చట్నీ పెట్టింది. గీత లెక్క కట్టి మూడు వందల లోపేనంది. వారానికి రెండుసార్లు తినొచ్చని ఒప్పుకుంది.

వెంకటన్న తిని, నీళ్ళు తాగాడు.

"ఎట్లున్నది?"

"మునుపటి లెక్క రుచి లేదు."

"ఉండదు" అంది ఆమె. "నూనె లేదు కద."

మందులు అవే ఉన్నాయి. చలికాలానికి అతను నాలుగు కిలోలు తగ్గాడు, షుగర్ కూడా కొంత దిగింది. అతన్ని చూసి ఇంకో ఆరుగురు చిన్న దోశ అడగడం మొదలుపెట్టారు. లెక్క గోడ మీద రాయించమని గీత అడిగితే నాగేంద్రమ్మ వద్దంది. అడిగినవాళ్ళకు మాత్రం నోటితోనే చెప్పేది, పిండితో మొదలుపెట్టి చట్నీ దాకా, ఒక్క అంకె తప్పకుండా. విన్నవాళ్ళలో సగం మంది పెద్ద దోశే తెమ్మనేవాళ్ళు. ఆమె తెచ్చి ఇచ్చేది.