పక్క రంధ్రంలో వైరు

మా ఇల్లు బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఫోన్లో మాట్లాడాలంటే డాబా ఎక్కాలి, ఇంకేం చేయాలన్నా ఇంట్లోకి వచ్చిన కేబుల్ నెట్టే దిక్కు. వానాకాలంలో పిడుగు పడి రౌటర్ కాలిపోతే ఇంట్లో ఎవరికీ పట్టలేదు. పట్టింది నాకొక్కదానికే. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఆసుపత్రి బిల్లులు సరిచూసే ఉద్యోగం చేశాను. ఇంటి నుంచే చేసుకునే అలాంటి పని ఒక కంపెనీలో ఉందని తెలిసి పరీక్ష రాశాను, గట్టెక్కాను. ఇక వీడియోలో ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. పెళ్లయ్యాక కూర బాగుందన్న మెప్పు తప్ప మరొకటి వినని నాకు ఆ పిలుపు ఎంత సంబరమో చెప్పలేను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున భద్రాచలం నుంచి కేబుల్ ఆపరేటర్ మనిషి కొత్త రౌటర్ తెచ్చాడు. గోడ మీది ఫైబర్ పెట్టె నుంచి వచ్చే వైరును దాని వెనక గుచ్చాడు, తన ఫోన్లో మా కనెక్షన్ పాస్‌వర్డ్ కొట్టాడు, మా వైఫై పేరు కనబడగానే లేచి నిలబడ్డాడు.

"అక్కా, సిగ్నల్ ఫుల్ వచ్చింది సూడు."

"మరి నెట్ వస్తలేదేంది?"

"యాక్టివేషన్ కావాలె. గంటల వస్తది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఒక్క పేజీ తెరిచి చూస్తే అతని సొమ్మేం పోయేది?

గంట గడిచింది. ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, కింద మాత్రం ఇంటర్నెట్ లేదని చూపిస్తోంది. రౌటర్ మీద భూగోళం బొమ్మ దగ్గర ఎర్ర లైటు. దాన్ని తిప్పి చూశాను. వెనక వరసగా పసుపు రంధ్రాలు, ఇంట్లోని కంప్యూటర్లకు నెట్ పంచేవి. వాటి మీద లాన్ అని ఉంది. కాస్త ఎడంగా ఒకే ఒక్క నీలం రంధ్రం, దాని మీద ఇంటర్నెట్ అని. నీలంది ఖాళీగా ఉంది. వైరు పక్కనున్న పసుపు దాంట్లో ఉంది.

"గీ వైరు నీలం దాంట్ల ఉండాలె గావచ్చు" అని చెయ్యి వేశానో లేదో, మా ఆయన గదిలోంచే అరిచాడు.

"ముట్టకు! ఆయన దినాం చేసే పని గదే. నువ్వు పీకితే వారంటీ పోతది."

"అయితే ఇంటర్వ్యూకు భద్రాచలంల అక్కోళ్లింటికి పోయి కూసుంట."

"వస్తదన్నడు గదా. ఊకె లొల్లి చేయకు."

"రాకుంటే ఏం మునిగింది బిడ్డా?" అంది మా అత్తమ్మ వంటింట్లోంచి. మునిగేది వాళ్లది కాదు మరి. చేతిలోని వైరు వదిలేశాను. ఏదైనా తేడా వస్తే ఈ ఇంట్లో బతికినన్నాళ్లూ ఆ మాటే వినాలి.

డాబా ఎక్కి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. "మీ ఇంటి దాకా లైన్ బాగుంది మేడం, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. చేశాను. మళ్లీ చేశాను. వైరు తప్పు చోట ఉంటే ఎన్నిసార్లు ఆర్పి వెలిగించి ఏం లాభం?

చివరికి ఇంటర్వ్యూ వేళకు ఫోన్ పట్టుకుని మళ్లీ డాబా ఎక్కాను. అవతలి మేడం బొమ్మ కదలకుండా ఆగిపోయింది. నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. ఏ ఊరని అడిగింది, చెప్పాను.

"ఓ, ఏజెన్సీ ఏరియానా? అక్కడ కష్టమేనండీ" అంది, జాలిగా. ఆ జాలికి ఒళ్లు మండింది. సాయంత్రం మెయిల్ వచ్చింది, నెట్ నిలకడగా ఉండే వాళ్లను తీసుకున్నామని. తప్పు మా హాల్లో బెత్తెడు జాగాలో జరిగితే నింద మొత్తం అడవి మీద పడింది.

మర్నాడు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. రౌటర్ తిప్పి చూసి, వైరు పీకి నీలం దాంట్లో గుచ్చాడు. కాసేపటికి ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వెలిగింది.

"అరె, లాన్‌ల పెట్టిన గదా!" అని నవ్వాడు.

"గింతేనా!" అని మా ఆయన నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది. అంత మంది నవ్వే మాట అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

"అక్కా, కంప్లైంట్ క్లోజ్ చేయాలె. నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింటది, చెప్పు."

"చెప్ప."

"నెట్ వచ్చింది గదనే, చెప్పరాదు?" అన్నాడు మా ఆయన.

చెప్పలేదు. ఆ మనిషి నన్నూ మా ఆయన్నూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. ఫిర్యాదు ఇంకా అలాగే తెరిచి ఉంది. అందుకని కేబుల్ ఆఫీసు నుంచి అప్పుడప్పుడూ ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. డాబా మీదికి వెళ్లి ఎత్తుతాను. కింద హాల్లో మా ఆయన నెట్‌లో క్రికెట్ చూస్తుంటాడు, బొమ్మ ఎక్కడా ఆగకుండా.

"మేడం, మీ సమస్య తీరిందా?" అని అడుగుతుంది.

"తీరలేదు" అంటాను.